అరబీలో లీ, ఇందీ: ఏది ఎక్కడ?

అరబీలో ‘కలిగి ఉండు’ అనే క్రియే లేదు, మనకేం కొత్త కాదు, మనమూ ‘నాకు తమ్ముడున్నాడు’, ‘నా దగ్గర కారుంది’ అనే కదా అంటాం. లీకీ ఇందీకీ దాదాపు అదే తేడా: లీ అఖున్ అంటే నాకో తమ్ముడో అన్నో ఉన్నాడని, ఇందీ సయ్యారా అంటే నా దగ్గర కారుందని.

లీలో బంధం, హక్కు. ఇందీలో దగ్గర ఉండటం, సొంతం కానక్కర్లేదు, అందుకే ‘ఇందీ కితాబుక్’ అంటే నీ పుస్తకం నా దగ్గరుందని, ఇక్కడ లీ పెడితే అస్సలు కుదరదు. గల్ఫ్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం పిల్లలకి కూడా ఇందీయే వాడేస్తారు, ‘ఇందీ వలద్’ అంటే నాకో కొడుకున్నాడని.

అసలు తికమక భూతకాలంలో. ‘కారుండేది’ అనాలంటే చాలామంది నేను కదా అని ‘కున్తు ఇందీ’ అంటారు, తప్పు, కర్త నేను కాదు, ఆ కారు, సయ్యారా స్త్రీలింగం కాబట్టి ‘కానత్ ఇందీ సయ్యారా’. లీకీ ఇదే రూలు.