పదోన్నతా, ఎంఏసీపీయా?

చెన్నైలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో వేతన లెవెల్ 2 గుమస్తాగా చేరిన మన తెలుగాయన మూల వేతనం పదేళ్లకు 26,000 రూపాయలయింది. పదోన్నతి రాకపోతే, పదేళ్లు అలా ఆగిపోయినవారికి జీతం మెట్టు పెంచే ఎంఏసీపీ పథకం కింద లెవెల్ 3కి మారతారు. ఒక ఇంక్రిమెంటు కలిసి 26,800 అవుతుంది. కుర్చీ, హోదా, సీనియారిటీ మాత్రం పాతవే. అదే పై హోదా గుమస్తాగా, అంటే యూడీసీగా పదోన్నతి వస్తే నేరుగా లెవెల్ 4. వేతన పట్టికలో అక్కడ 26,800 గడి లేదు కాబట్టి 27,100 ఇస్తారు.

తేడా 300 రూపాయలేనని తేలిగ్గా తీసుకోకండి. ఎంఏసీపీ వేతన పట్టికలో తర్వాతి మెట్టే ఎక్కిస్తుంది, తర్వాతి పోస్టు జీతం ఇవ్వదు. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది.

ఊరు వదలలేక పదోన్నతి వద్దని రాసిచ్చేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. పిల్లల చదువు, ఇల్లు నిజమైన కారణాలే. కానీ పదేళ్లు నిండకముందే కాదంటే, అవకాశం లేక ఆగిపోయినట్టు లెక్కించరు, ఎంఏసీపీ ఇవ్వరు. ముందే ఎంఏసీపీ అందుకుని తర్వాత కాదంటే వచ్చింది పోదు. తర్వాతి ఎంఏసీపీ మాత్రం మళ్లీ పదోన్నతికి ఒప్పుకునేదాకా ఆగుతుంది. సంతకానికి ముందు సర్వీసు పుస్తకంలో చేరిన తేదీ చూసుకోండి.