ప్రాజెక్టు పేపర్‌లో పేర్ల వరుస: రోల్ నంబరా, అక్షర క్రమమా, పని వాటానా?

బీటెక్ ప్రాజెక్టు రిపోర్టులో పేర్లు రోల్ నంబర్ల వరుసలో ఉంటాయి. ఆ ప్రాజెక్టు మీద పత్రికకు పంపే పరిశోధన పేపర్‌లోనూ అదే దించేస్తే గొడవ ఉండదనుకుంటారు. కానీ రిపోర్టులో ఉన్న పనంతా పేపర్‌లోకి రాదు.

మిర్చి ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే ప్రాజెక్టు ఒకటి అనుకుందాం. ఒకరు తోటలు తిరిగి ఫొటోలు తీసి, ఏది ఏ తెగులో రాసిపెట్టారు. ఇంకొకరు మోడల్ కోడ్ రాశారు. మూడో వ్యక్తి మొబైల్ యాప్ చేస్తే, నాలుగో వ్యక్తి రిపోర్టు, పీపీటీ చూసుకున్నారు. పేపర్‌లోకి వెళ్లింది మాత్రం ఫొటోలు, మోడల్. రోల్ నంబర్ల ప్రకారం వెళ్తే యాప్ చేసినవారు మొదటి పేరు కావచ్చు. రివ్యూయర్ మోడల్ గురించి అడిగితే వారు చెప్పలేరు.

అక్షర క్రమం గణితం, అర్థశాస్త్రాల్లో చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ అందరికీ ఆ ఆనవాయితీ తెలుసు. ఇంజనీరింగ్‌లో చదివేవారు వరుసను పనిగానే లెక్కేస్తారు. అద్దంకి వారికి ఎప్పుడూ లాభం, యార్లగడ్డ వారికి ఎప్పుడూ నష్టం.

ఇద్దరిదీ సమాన పాత్ర అని చుక్క పెట్టడం నిజంగా సమానమైతే మంచిదే. అయితే గూగుల్ స్కాలర్‌లో ఆ చుక్క కనపడదు. పైగా ఇద్దరిలో ముందు ఎవరన్నది ఎలాగూ తేల్చాలి.

నా ఓటు పని వాటాకే. పరిశోధనలో ఎవరు ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ పద్ధతిలోని 14 పాత్రల్ని ఒక షీట్‌లో పెట్టి, డ్రాఫ్ట్ మొదలుకాకముందే ఎవరి ఎదుట ఏముందో అందరూ కలిసి నింపాలి. పై కేసులో పేపర్‌లో కొత్తదనం ఫొటోల సేకరణదైతే ఫొటోలు తీసినవారు ముందు, మోడల్‌దైతే కోడ్ రాసినవారు ముందు. సమస్యను ఎంచి, ఫలితాలు సరిచూసి, డ్రాఫ్ట్ దిద్దిన గైడ్ పేరు సాధారణంగా చివర వస్తుంది.

ఎవరు రచయిత అన్నదానికి వైద్య పత్రికల సంపాదకుల కమిటీ (ఐసీఎంజేఈ) పెట్టిన నాలుగు షరతులు ఇంజనీరింగ్‌కీ పనికొస్తాయి: పనిలో గట్టి పాత్ర, రాతలో లేదా దిద్దడంలో పాలు, తుది ప్రతికి ఒప్పుకోలు, తప్పొస్తే జవాబుదారీ. వీటిని బట్టి యాప్ చేసినవారికి, పీపీటీ చూసుకున్నవారికి కృతజ్ఞతల్లో చోటు, అదీ వారిని అడిగాకే. ఈ మాట చెప్పడం ఇబ్బందే, ఫ్రెండ్స్ మధ్య మరీనూ. అందుకే షీట్ ముందు పెట్టుకుని మాట్లాడటం తేలిక. సంతకం తప్ప పాత్ర లేని హెచ్‌ఓడీకీ ఇదే లెక్క, కాకపోతే ఆ మాట గైడే చెప్పాలి.

ఒప్పుకున్న వరుసను మెయిల్‌లో రాసి అందరితో "సరే" అనిపించుకోండి. అందులోనే ఒక షరతు కలపండి: రివిజన్‌లో ప్రయోగాలు వేరేవారు మళ్లీ చేయాల్సి వస్తే వరుస మళ్లీ చూస్తామని. పాసయ్యాక ఉద్యోగంలో చేరినవారికి రివిజన్‌కు తీరిక ఉండదు, జూనియర్ ఎవరో చేస్తారు. సబ్మిట్ చేశాక పేరు చేర్చాలన్నా, తీయాలన్నా పత్రికలు మామూలుగా రచయితలందరి రాతపూర్వక ఒప్పుకోలు అడుగుతాయి. పత్రిక పంపే ఆ మెయిల్ కాలేజీ ఐడీకి వెళ్లి, అది అప్పటికే మూతపడి ఉంటే పేపర్ అక్కడే ఆగుతుంది. కాబట్టి సబ్మిషన్ ఫారంలో విద్యార్థుల సొంత మెయిల్ ఐడీలే ఇవ్వండి.