ఒట్టి “?” వస్తే ఊహించాలా, అడగాలా?

పర్లాకిమిడిలో మాది మందుల షాపు. నిన్న రాత్రి 8:40కి వాట్సాప్‌లో ఒక పెద్దాయన నుంచి ఒట్టి “?” వచ్చింది. పైకి జరిపి చూస్తే ముందురోజు నేనే “ఇన్సులిన్ రేపు సాయంత్రం వస్తుంది బాబాయ్” అని పెట్టాను. షాపు మూసే వేళ, ఆ పాత మాట, రెండూ కలిపితే అడుగుతున్నది స్టాక్ గురించే.

శ్రమ: ఊహిస్తే ఒక్క జవాబుతో పని తేలిపోతుంది. “ఏం కావాలి?” అని అడిగితే, ఆయన చూసేసరికి మేం షట్టర్ దించేస్తాం.

రిస్క్: ఊహ తప్పితే ఎదుటివాళ్లకు తెలిసేలా రాయాలి. “వచ్చింది” అంటే చాలదు, “ఇన్సులిన్ గురించేనా బాబాయ్? వచ్చింది, 9:30 వరకు ఉంటాం” అని రాస్తే తప్పయినా ఆయనే దిద్దుతారు. కానీ రెగ్యులరా, 30/70 రకమా అన్నది మాత్రం ఎప్పుడూ ఊహించను, చీటీ ఫొటో అడుగుతాను, ఎందుకంటే అవి పనిచేసే తీరే వేరు.

ఏ దారిన వచ్చింది: మిస్డ్ కాల్ అయితే తిరిగి ఫోన్ చేయమనే, దానికి మెసేజ్ పెట్టి లాభం లేదు. పొద్దున్నే వచ్చే పువ్వుల బొమ్మకు అర్థం వెతకక్కర్లేదు. అదే పువ్వుల మనిషి అర్ధరాత్రి “హలో” అంటే మాత్రం వెంటనే ఫోన్ చేస్తాను.

పాత మాట నిన్నటిదై, పొరపాటు ఒక మెసేజ్‌తో సరిపోయేదైతే ఊహించండి. మాట మూడు వారాల నాటిదైనా, ఇంటిల్లిపాదీ వాడే ఫోన్ అయినా, మందు పేరో మోతాదో తేలాల్సి ఉన్నా అడగండి.