డబ్బింగా, సబ్‌టైటిలా? ఒక్క డైలాగ్‌తో తేల్చుకున్నాం

నిరుడు వేసవిలో 22 నిమిషాల తమిళ లఘుచిత్రం ఒకటి మా చేతికొచ్చింది. చేపల గంప మోసే ఒక ముసలావిడ కథ. దాన్ని విశాఖలో రెండు చోట్ల చూపించాలనుకున్నాం: జాలరిపేటలో సాయంత్రం పూట తెల్లగుడ్డ కట్టి ఒకసారి, ఒక హాల్లో కాలేజీ పిల్లలకు ఇంకోసారి. తీసినవాళ్లు ఒప్పుకోవడంతో డబ్బింగూ చేశాం, సబ్‌టైటిల్సూ వేశాం. రెండింటికీ మాటలు నేనే రాశాను. ఏది మేలని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆరో నిమిషంలో వచ్చే ఒక్క డైలాగ్.

కూతురు డబ్బు తెచ్చి చేతిలో పెట్టబోతుంది. ముసలావిడ దాని వంక చూసి, ఒక్క క్షణం ఆగి, "ఎనక్కు పణం... వేండాం" అంటుంది. క్లోజప్. తెర నిండా ఆవిడ ముఖమే.

నేను మొదట రాసింది "నాకు డబ్బులొద్దు". అర్థం సరిపోయింది, పొడవు కూడా ఇంచుమించు సరిపోయింది. కానీ తెర మీద పెట్టి చూస్తే ఏదో తేడా. ప, బ, మ పలకాలంటే పెదవులు మూసుకోక తప్పదు. ఆవిడ పెదవులు "పణం"లో మొదటా చివరా మూసుకుంటాయి, నా "డబ్బు"లో మధ్యలో మూసుకోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు చివర్లో వచ్చింది. "వేండాం" అనగానే ఆవిడ నోరు మూతపడుతుంది, మా గొంతు మాత్రం "ద్దు" అంటూ ఇంకా నడుస్తూనే ఉంటుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, తమిళంలో హల్లుతో ఆగే మాటలు బోలెడు. అందుకే తమిళం నుంచి చేసే డబ్బింగ్‌లో వాక్యం చివరే ఎక్కువగా దొరికిపోతాం. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా, ఈ గొంతు ఈవిడది కాదన్న సంగతి మాత్రం తెలిసిపోతుంది.

రెండు రోజులు దాని మీదే కూర్చున్నాను. చివరికి "నాకు పైకం... వద్దమ్మా" దొరికింది. "పణం"లాగే "పైకం" కూడా ప-తో మొదలై సున్నాతో ఆగుతుంది. "వేండాం"లో చివరి మూత "మ్మా" దగ్గర పడుతుంది, ఆ తర్వాతి దీర్ఘాన్ని కాస్త మింగేస్తే చాలు. అక్కడ ఏడక్షరాలు, ఇక్కడా ఏడే. ఎదురుగా ఉన్నది కూతురు కాబట్టి "అమ్మా" అన్న పిలుపు కూడా అతుకులా అనిపించదు. ప్రతి డైలాగ్‌కూ ఇంత పట్టింపు అక్కర్లేదు. మనిషి వెనక్కి తిరిగి ఉన్నా, దూరపు షాట్ అయినా పొడవు సరిపోతే చాలు. క్లోజప్‌లో మాత్రం తప్పించుకోలేం.

తెలుగులో తొలి డబ్బింగ్ సినిమాగా చెప్పే 'ఆహుతి' 1950లో వచ్చింది. దానికి మాటలూ పాటలూ రాసింది మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ. హిందీ పెదవుల మీద తెలుగు కూర్చోబెట్టడానికి ఆయన ఎంత కుస్తీ పట్టి ఉంటారో ఆ రెండు రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను.

మాట దొరికాక గొంతు కావాలి. ముందు ఒక టీచరమ్మ చేత చెప్పించాం. ఉచ్చారణ చక్కగా ఉంది, ఆ చక్కదనమే అడ్డమైంది. ఎండలో గంప మోసిన గొంతు కాదది. తర్వాత జాలరిపేటలోనే చేపలమ్మే ఒక పెద్దావిడను అడిగాం. ఆవిడకు చదువు రాదు. ఒక్కో ముక్కా నేను చెవిలో చెబితే, తెర చూస్తూ తిరిగి చెప్పేది. "పైకం" వినగానే "మాయమ్మ ఇలాగే అనీది" అంది. నాకున్న పెద్ద టెన్షన్ అక్కడితో తీరింది, ఎందుకంటే ఆ మాట మరీ పుస్తకాల మాటగా వినిపిస్తుందేమోనని భయపడ్డాను.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. డబ్బింగ్‌కు సంగీతం, చప్పుళ్లు ఉన్న ట్రాక్ మాటల నుంచి వేరుగా ఉండాలి. మాకు అన్నీ కలిసిపోయిన ఒకే ట్రాక్ వచ్చింది. తమిళ మాట తీసేస్తే దాని వెనకున్న సముద్రం కూడా పోతుంది. మొదటి మిక్స్‌లో మనుషులు మాట్లాడినప్పుడల్లా అలలు ఆగిపోయి, వాళ్లు ఊరుకోగానే మళ్లీ మొదలయ్యాయి. డబ్బింగ్ బాగా కుదిరిందో లేదో తెలియాలంటే నేను ఇప్పుడు కళ్లు మూసుకుని ఇదే వింటాను. చివరికి తెల్లవారుజామున బీచ్‌కు వెళ్లి అలల చప్పుడు రికార్డు చేసి, ఆ సీన్లన్నిటి కింద ఆపకుండా పరిచాం. గంప దించిన చప్పుడు, ఇసుకలో అడుగులు కూడా మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఖర్చంతా ఇక్కడే అయింది. ఆరు గొంతులు, రెండు రోజుల స్టూడియో అద్దె, సౌండ్ ఇంజినీర్, మళ్లీ మిక్సింగ్. సబ్‌టైటిల్స్‌కు నేనూ, నా లాప్‌టాపూ, ఐదు సాయంత్రాలు.

అలాగని అది తేలిక పని కాదు. అక్కడ పోరు పెదవులతో కాదు, కళ్లతో. చదవడానికి చాలినంత సేపు మాట తెర మీద ఉండాలి, మనిషి అనకముందే బయటపడకూడదు. నేను మొదట వాక్యం మొత్తం ఒకేసారి వేశాను. ముసలావిడ ఇంకా "పణం" దగ్గర ఆగి ఉండగానే ఆవిడ వద్దంటుందని చూసేవాళ్లకు తెలిసిపోయింది. ఆ క్షణం మౌనంలోనే ఉంది సీనంతా, దాన్ని నేనే పాడుచేశాను. తర్వాత ఇలా విడగొట్టాను:

```
41
00:06:12,400 --> 00:06:13,700
నాకు పైకం...

42
00:06:14,300 --> 00:06:15,400
వద్దమ్మా.
```

తమిళంలోనూ తెలుగులోనూ క్రియ చివర్లోనే వస్తుంది కాబట్టి ఇలా విడగొట్టడం కుదిరింది. ఇంగ్లిష్ సినిమా అయితే కాదనే మాట ముందే వచ్చేస్తుంది, ఈ వరస నిలబడదు.

తెలుగుకు ఇంకో చిక్కుంది. సాఫ్ట్‌వేర్ గుణింతాన్నీ, వత్తునూ, ఖాళీనీ విడివిడిగా లెక్కపెడుతుంది. "నాకు పైకం వద్దమ్మా" మనకు ఏడక్షరాలు, దాని లెక్కలో 18. ఇంగ్లిష్ కోసం పెట్టిన సెకనుకు ఇన్ని అక్షరాలన్న హద్దును అలాగే వాడితే, హాయిగా చదవగలిగే వాక్యాన్ని కూడా ఊరికే కత్తిరించేస్తాం. నేను గడియారం పట్టుకుని, సినిమా చూడని ఇద్దరి చేత చదివించి చూశాను. రెండు వరసలున్న చోట పై వరస వత్తులు కింది వరస గుడులకు తగలకుండా ఎడం కూడా పెంచాలి.

హాల్లో సబ్‌టైటిల్స్‌తో చూసిన పిల్లలు "వేండాం" దగ్గర ఆ నటి గొంతు సన్నగా వణకడం విన్నారు. సినిమా అయ్యాక ఇద్దరు ముగ్గురు ఆ వణుకు గురించే మాట్లాడారు. మా డబ్బింగ్‌లో అది లేదు. మా పెద్దావిడ చాలా బాగా చెప్పింది, కానీ ఆ వణుకు ఆ నటిది, అది ఇంకొకరికి రాదు.

జాలరిపేటలో సంగతి వేరు. ముందు వరసలో చిన్నపిల్లలు, వెనక చదవడం రాని పెద్దవాళ్లు, చూపు ఆనని ముసలివాళ్లు. సబ్‌టైటిల్స్ వేసుంటే సగం మంది బొమ్మలు చూసి లేచిపోయేవారు. ఆ రోజు ఆరో నిమిషంలో వెనక నుంచి ఒకావిడ తెర వైపు చెయ్యి ఊపుతూ "తీసుకోయే, కూతురే కదా!" అని అరిచింది.

కాబట్టి నా మాట ఇది. కలిసి కూర్చుని చూసేవాళ్లలో చదవలేనివాళ్లు కొందరున్నా డబ్బింగే చేయాలి, ఖర్చయినా సరే. కాకపోతే చప్పుళ్ల ట్రాక్ వేరుగా ఇస్తారా అని ముందే అడగాలి. ఇవ్వనంటే, డబ్బులు కూడా తక్కువైతే, సగం కుదిరిన డబ్బింగ్ కన్నా మంచి సబ్‌టైటిల్స్ నయం. రెండూ చేసే వీలుంటే సబ్‌టైటిల్స్ ముందు చేయండి. ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆ ఫైల్లో రాసి ఉంటుంది కాబట్టి డబ్బింగ్ రాసేటప్పుడు అదే కాగితం ముందు పెట్టుకోవచ్చు. మేం తిరగేసి చేశాం, ఆ కొలతలన్నీ రెండోసారి తీయాల్సి వచ్చింది.