డేటా ఇంటర్‌ప్రిటేషన్‌లో శాతాలు: పూర్తి భాగహారమా, పది శాతం లెక్కా?

అమలాపురం, రాజోలు మండలాల ధాన్యం టేబుల్ ఇచ్చారనుకోండి (అంకెలు ఊరికే వేసుకున్నవే): మొదటిది 480 నుంచి 552 టన్నులకు, రెండోది 640 నుంచి 720కి పెరిగింది, ఏది ఎక్కువ శాతం? 72 కన్నా 80 పెద్దదని రాజోలుకి టిక్ పెట్టేసేవాళ్లు బోలెడుమంది, పేపర్ తయారుచేసినవాళ్లకి కావాల్సిందీ అదే.

72ని 480తో భాగించి 100తో గుణిస్తే జవాబు ఖాయం, కానీ టైమ్ తినేస్తుంది. నేనైతే పది శాతం లెక్కే వేస్తాను: 480లో పది శాతం 48, పెరిగిన 72లో అది పోగా మిగిలిన 24 దాంట్లో సగం, అంటే మొత్తం 15 శాతం. 640కి 64 పోగా మిగిలేది 16, పావు వంతు, అంటే 12.5. అమలాపురమే.

ఆప్షన్లు 14.8, 15.1 లాగా దగ్గరదగ్గరగా ఉండి, అంకెలు ఇంత తేలిగ్గా విడిపోకపోతే మాత్రం ఉజ్జాయింపు వద్దు, భాగహారమే చేయండి.