సీప్యాప్ ముందా, సర్ఫాక్టెంట్ ముందా? 30 వారాల బిడ్డకు ఏది మేలు

"ఊపిరితిత్తుల్లోకి వేసే మందు ఒకటి ఉందంట కదా సార్, పుట్టగానే వేసేయండి. ఖర్చు సంగతి మేం చూసుకుంటాం." నెలలు నిండని బిడ్డ పుట్టబోతోందని తెలిసిన ఇంటివాళ్లు తిరుపతిలో మమ్మల్ని తరచూ అడిగే మాట ఇది. ఖరీదైన మందు ముందే పడితే ముప్పు తప్పుతుందని వాళ్ల లెక్క. ఆ లెక్క అన్నిసార్లూ సరికాదు. 30 వారాలకే పుట్టిన బిడ్డ సంగతే తీసుకుని, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్, ఇంటివాళ్లు అడిగే ఆ మందు సర్ఫాక్టెంట్, ఈ రెంటిలో ఏది ముందో, ఎందుకో చూద్దాం.

మన ఊపిరితిత్తుల్లోని గాలి గదుల లోపల సన్నని నీటి పొర ఉంటుంది. ఆ నీటికి ముడుచుకుపోయే గుణం ఉంది. దాన్ని అడ్డుకునే జిడ్డు పదార్థమే సర్ఫాక్టెంట్. గర్భంలో 24 వారాల ప్రాంతంలో తయారవడం మొదలై, 34, 35 వారాలకు గానీ సరిపడా ఉండదు. అది చాలకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ గాలి గదులు తడి పాలిథీన్ కవరులా అతుక్కుపోతాయి. బిడ్డ వాటిని మళ్లీ మళ్లీ లాగి తెరవాలి. అందుకే డొక్కలు లోపలికి పోతాయి, ముక్కుపుటాలు ఎగురుతాయి, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు వినిపిస్తుంది. ఆ మూలుగు నొప్పితో వచ్చేది కాదు. గొంతు సగం మూసి, లోపలి గాలి పూర్తిగా పోకుండా బిడ్డ పట్టి ఉంచుతోందన్నమాట. ఈ జబ్బుకు మూలం సర్ఫాక్టెంట్ లేకపోవడమేనని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు.

పోలిక బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. పలమనేరులో 30 వారాల గర్భిణికి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయనుకుందాం. తిరుపతి వంద కిలోమీటర్లకు పైనే. అక్కడే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవాలా, టైం వేస్ట్ చేయకుండా 108 ఎక్కించాలా? నా మాట: ఇంజెక్షన్ వేసి ఎక్కించండి. డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు కండలోకి వేయడానికి రెండు నిమిషాలు చాలు. తర్వాత 12 గంటలకొకటి చొప్పున మొత్తం నాలుగు డోసులు. తల్లికి వేసిన ఈ మందు మాయ దాటి బిడ్డకు చేరి, సర్ఫాక్టెంట్ తయారీని తొందరపెడుతుంది. మొదటి డోసు పడ్డాక 24 గంటల నుంచి వారం లోపు కాన్పయితే లాభం ఎక్కువ. నాలుగూ పూర్తి కాకముందే బిడ్డ పుట్టినా పడినవి వృథా కావు.

ఇంజెక్షన్ పడింది కదా అని పలమనేరులోనే ఆగిపోవడం మాత్రం తప్పు. 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, వసతులు తక్కువున్న చోట్ల ఈ ఇంజెక్షన్‌ను విరివిగా వాడితే పిల్లల మరణాలు తగ్గలేదు, తల్లులకు ఇన్ఫెక్షన్లు పెరిగాయి. 2020లో భారత్ సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో మళ్లీ చూశారు. స్కాన్‌తో వారాలు సరిగ్గా లెక్కగట్టి, పుట్టిన బిడ్డను చూసుకునే వసతి ఉన్నచోట వాడితే మరణాలు తగ్గాయి. కాబట్టి ఇంజెక్షన్, మంచి వార్డు ఒకదానికొకటి బదులు కావు. అందుకే మొదటి స్కాన్ కాగితం పారేయొద్దని గొణుగుతుంటాం. తల్లికి జ్వరం, ఉమ్మనీరు దుర్వాసన ఉంటే గర్భంలో ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి. అప్పుడు స్టెరాయిడ్ కోసమని కాన్పును వాయిదా వేయరు. షుగర్ ఉన్న తల్లికి ఈ మందుతో అది ఇంకా పెరుగుతుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

మన పలమనేరు తల్లికి ఉదయం ఆరింటికి మొదటి డోసు, సాయంత్రం ఆరింటికి తిరుపతిలో రెండోది, మర్నాడు ఆరింటికి మూడోది పడ్డాయి. పది గంటలకు కాన్పు. అంటే మొదటి డోసుకు 28 గంటల తర్వాత. బిడ్డ 1,200 గ్రాములు, ఏడ్చింది, ఊపిరి తీసుకుంటోంది, కానీ డొక్కలెగరేస్తోంది. ఇప్పుడు అసలు ప్రశ్న: వెంటనే గొంతులో గొట్టం వేసి సర్ఫాక్టెంట్ పోయాలా, ముందు సీప్యాప్ పెట్టాలా?

సీప్యాప్ ఊపిరి తీసిపెట్టే యంత్రం కాదు. ముక్కుకు రెండు చిన్న గొట్టాలు పెట్టి, ఆగకుండా ఒత్తిడితో గాలి పంపుతారు. బబుల్ సీప్యాప్‌లో గాలి బయటికి పోయే గొట్టం కొసను నీటిలో 5 లేదా 6 సెంటీమీటర్ల లోతున ముంచుతారు, ఒత్తిడి అన్ని సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి సమానంగా ఉంటుంది. బిడ్డ మూలుగుతూ చేస్తున్న పనిని ఇది చేసి పెడుతుంది. నీటిలో బుడగలు ఆగిపోతే ముక్కు దగ్గర గొట్టం జారిందనో, నోటి నుంచి గాలి పోతోందనో అర్థం. తలకు ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఆక్సిజన్ ఇవ్వడం దీనికి సాటి రాదు. మూసుకుపోయిన గదిలోకి ఎంత ఆక్సిజన్ పంపినా చేరదు. పైగా కొలవకుండా ఇస్తే కంటి రెటీనా దెబ్బతింటుంది.

2008లో వెలువడిన కాయిన్ అధ్యయనంలో 25 నుంచి 28 వారాల పిల్లల్లో సగం మందికి సీప్యాప్, మిగతా సగానికి వెంటనే గొంతులో గొట్టం వేసి చూశారు. సీప్యాప్ పెట్టినవాళ్లలో సగానికిపైగా పిల్లలకు మొదటి ఐదు రోజుల్లో గొట్టమే అక్కర్లేకపోయింది. కానీ ఊపిరితిత్తికి చిల్లు పడి ఛాతీలో గాలి చేరడం వీళ్లలో 9 శాతం, గొట్టం వేసినవాళ్లలో 3 శాతం. సీప్యాప్ ఊరికే మేలు చేసి పోదని ఈ అంకె చెబుతోంది. ఉన్నట్టుండి ఆక్సిజన్ పడిపోయి, ఒక పక్క ఛాతీ ఉబ్బితే గది చీకటి చేసి లైటు ఆనిస్తాం. గాలి చేరిన పక్క ఎర్రగా వెలుగుతుంది.

అయినా మన 30 వారాల బిడ్డకు నేను సీప్యాప్‌తోనే మొదలుపెడతాను. గొట్టం వేయడమూ, వెంటిలేటర్ నెట్టే ఊపిరీ ఆ లేత ఊపిరితిత్తులను గాయపరుస్తాయి, అవసరం లేనివాళ్లకు ఆ గాయం ఎందుకు? ఇక్కడ జరిగే పొరపాటు సీప్యాప్ పెట్టడం కాదు, పెట్టి ఎదురుచూస్తూ కూర్చోవడం. రక్తంలో ఆక్సిజన్ 90 నుంచి 95 శాతం మధ్య ఉంచడానికి ఇచ్చే ఆక్సిజన్ శాతం ఎంత పెంచాల్సి వస్తోందో చూడాలి. ఒత్తిడి 6 సెంటీమీటర్లు ఉన్నా ఇచ్చే ఆక్సిజన్ 30 శాతం దాటుతోందంటే సర్ఫాక్టెంట్ వేళైంది.

మన బిడ్డకు మొదట 25 శాతం సరిపోయింది. రెండు గంటల తర్వాత 38 అయింది. పోరాక్టాంట్ అనే సర్ఫాక్టెంట్ కిలోకు 200 మిల్లీగ్రాములు, అంటే ఈ బిడ్డకు 240. ఒకటిన్నర మిల్లీలీటర్ల సీసాలు రెండు, మొత్తం 3 మిల్లీలీటర్లు. దాన్ని పోయడానికీ రెండు దారులున్నాయి. గొట్టం వేసి, మందు పోసి, తీసేయడం ఒకటి. బిడ్డ సీప్యాప్ మీద తనంతట ఊపిరి తీస్తుండగానే సన్నని ట్యూబ్‌తో పోయడం రెండోది. చేయి తిరిగిన డాక్టరుంటే రెండోదే మేలు, లేకపోతే మొదటిదే భద్రం. మందు పడ్డాక నిమిషాల్లో ఊపిరితిత్తులు మెత్తబడతాయి. అప్పుడు ఆక్సిజన్ తగ్గించడం మరిచిపోతే కంటికి ముప్పు.

అదే బిడ్డ 25 వారాలకు, తల్లికి ఒక్క డోసు కూడా పడకుండా పుట్టి, మాస్కుతో గాలి నెట్టినా సొంతంగా ఊపిరి అందుకోకపోతే, సీప్యాప్‌తో ప్రయత్నించి చూద్దామని ఆగను. కాన్పు గదిలోనే గొట్టం వేసి, దాంట్లోంచే సర్ఫాక్టెంట్ ఇస్తాను.