సొంత సీఎన్‌జీ క్యాబ్: కిస్తీ కూడా తీసేశాక గంటకు మిగిలేదెంత

హైదరాబాద్‌లో లోన్ మీద సీఎన్‌జీ సెడాన్ కొని, రెండు మూడు యాప్‌లలో చాలాకాలంగా తిప్పుతున్న అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. బండి బాగుందా, యాప్ బాగుందా అన్నది ఇక్కడ పక్కన పెడుతున్నాను. గంట కష్టానికి ఇంటికి చేరేది ఎంత అన్నదే ఇక్కడ ప్రశ్న. డ్రైవర్లలో చాలామంది సాయంత్రం ఫోన్‌లో కనిపించే మొత్తం లోంచి గ్యాస్ ఖర్చు తీసేసి, మిగతాదంతా సంపాదన అనుకుంటారు. అసలు తేడా అక్కడే వస్తుంది.

ఒక మామూలు రోజు తీసుకుందాం. ఇంటి గేటు దాటినప్పటి నుంచి తిరిగి బండి పార్క్ చేసేదాకా 12 గంటలు. మీటర్ మీద 190 కిలోమీటర్లు తిరిగితే, అందులో కస్టమర్ కూర్చున్నవి 135. మిగతా 55 పికప్‌కి వెళ్లడం, గ్యాస్ బంక్‌కి వెళ్లడం, డ్యూటీ లేని ఏరియా నుంచి వెనక్కి రావడం. కస్టమర్లు కట్టింది మొత్తం 3,300 రూపాయలు. అందులోనే కలిసి ఉన్న 5 శాతం జీఎస్టీ కింద 157 పోతుంది. మిగిలిన దానిమీద 22 శాతం కమిషన్ అంటే 691. అకౌంట్‌లో పడేది 2,452.

కస్టమర్ బండిలో ఉన్న సమయం ఏడు గంటలు. ఆ లెక్కన చూస్తే గంటకు 350 వచ్చినట్టు అనిపిస్తుంది. కానీ వెయిటింగ్, ఖాళీ తిరుగుడు, బంక్ దగ్గర క్యూ కూడా మన ఒంటి మీద పడ్డ గంటలే కదా. 12తో భాగిస్తే గంటకు 204.

ఇక గ్యాస్. ఏసీ వేసి సిటీలో తిప్పితే కిలోకి 22 కిలోమీటర్లు ఇస్తే మంచి మైలేజే. కంపెనీ చెప్పే 30 పైచిలుకు అంకె మీద లెక్కలు వేసుకోవద్దు. కిలో 96 రూపాయల చొప్పున 8.6 కిలోలకు 830 దాకా అవుతుంది. ఇప్పుడు చేతిలో 1,622, అంటే గంటకు 135. చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది.

సర్వీసింగ్ ఖర్చు ఏ రోజుకారోజు కనిపించదు కాబట్టే లెక్కలోకి రాదు. దాన్ని కిలోమీటర్‌కి మార్చుకోవాలి. పది వేల కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్లు, లేబర్ కలిపి 5,000 అయితే కిలోమీటర్‌కి 50 పైసలు. నాలుగు టైర్లు 18,000 పెట్టి 45 వేల కిలోమీటర్లు నడిస్తే ఇంకో 40 పైసలు. క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్, బ్యాటరీ, ఏసీ పని అన్నీ సర్దితే మొత్తం 1 రూపాయి 40 పైసలు వేసుకోవడం న్యాయం. 190 కిలోమీటర్లకు 266. ఈ డబ్బు ఆ రోజు జేబులోంచి పోదు. కానీ రోజూ పక్కన పెట్టకపోతే టైర్లు అరిగిన నెల కిస్తీ తప్పుతుంది.

తర్వాత ఆ కిస్తీ. 6.5 లక్షల లోన్, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అయితే నెలకు 14,130 దాకా వస్తుంది. కమర్షియల్ ఇన్సూరెన్స్ ఏడాదికి 36,000 అనుకుంటే నెలకు 3,000. ఫిట్‌నెస్, పొల్యూషన్, ఫోన్ రీఛార్జ్ లాంటివాటికి ఇంకో వెయ్యి. నెలకు 26 రోజులు బండి బయటికి తీస్తే రోజుకు 700 దాకా పడుతుంది. 1,622లోంచి 266, 700 తీసేయండి. మిగిలింది 656. గంటకు 55 రూపాయలు.

ఇంకొకరి బండి నడిపి నెలకు 18,000 జీతం తీసుకునే డ్రైవర్‌కి, ఇవే గంటలకు, 58 పడుతుంది. లోన్ ఉన్నంతకాలం సొంత బండి ఓనర్ సంపాదన కూడా ఆ జీతం దగ్గరే ఉంటుంది, రిస్క్ మాత్రం ఓనర్ నెత్తిన. కిస్తీ అయిపోయిన నెల నుంచి గంటకు 100 అవుతుందన్నది నిజమే. అప్పటికి మీటర్ మూడు లక్షల దగ్గర ఉంటుంది. అమ్మితే రెండు లక్షలు వచ్చినా, మొదట కట్టిన డౌన్ పేమెంట్ లక్షన్నర అందులోంచి తీసేస్తే పెద్దగా ఏమీ మిగలదు. కిస్తీని ఖర్చులో వేశాక బండి విలువ తరుగుదలను మళ్లీ వేయకూడదు, అది ఒకే డబ్బును రెండుసార్లు లెక్కించడం.

ఈ 55ని పెంచే దారుల్లో కమిషన్ గురించే అందరం ఎక్కువ మాట్లాడతాం. 2025 జులైలో కేంద్రం ఇచ్చిన అగ్రిగేటర్ మార్గదర్శకాల్లో సొంత బండి డ్రైవర్‌కి ఛార్జీలో కనీసం 80 శాతం అందాలని ఉంది. రాష్ట్రాలు దాన్ని అమలు చేయాలి, అది మన హక్కు, అడగాల్సిందే. అయితే పై లెక్కలో కమిషన్ 22 నుంచి 20కి దిగితే గంటకు 5 రూపాయలు పెరుగుతుంది. అదే ఖాళీ కిలోమీటర్లు 55 నుంచి 35కి తగ్గితే తొమ్మిదిన్నర పెరుగుతుంది. ఎందుకంటే ప్రతి ఖాళీ కిలోమీటర్‌కి గ్యాస్, అరుగుదల కలిపి 5 రూపాయల 75 పైసలు పోతుంది.

కమిషన్ లేకుండా రోజు పాస్ తీసుకునే యాప్‌లకు లెక్క వేరు. పాస్ 100 రూపాయలైతే, 22 శాతం కమిషన్‌తో పోలిస్తే రోజుకు 455 రూపాయల కిరాయి దాటగానే లాభం మొదలవుతుంది. డ్యూటీలు పలచగా ఉండే రోజు రెండు పాస్‌లు కొంటే రెండూ నష్టమే. ఛార్జీ రేటు కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. కిలోమీటర్‌కి తక్కువ ఇచ్చే యాప్‌లో కమిషన్ లేకపోయినా ప్రయోజనం లేదు.

డ్యూటీ ఒప్పుకోవాలా వద్దా అన్న నిమిషంలో కిస్తీని తలచుకోవద్దు, అది బండి ఆగి ఉన్నా కట్టాల్సిందే. పికప్ దూరం, డ్యూటీ దూరం కలిపి 5.75తో గుణించి చేతికొచ్చే మొత్తం లోంచి తీసేయండి. మూడు కిలోమీటర్ల పికప్, ఏడు కిలోమీటర్ల డ్యూటీ, మనకు 170, సమయం ముప్పావు గంట అనుకోండి. ఖర్చు 58 పోగా 112, అంటే గంటకు 150. పై రోజు సగటు ఇదే లెక్కలో 113. దాటింది కాబట్టి ఒప్పుకోవచ్చు. అదే డ్యూటీ సాయంత్రం ఏడింటికి మాదాపూర్ ట్రాఫిక్‌లో గంటా పావు పడితే గంటకు 90కి పడిపోతుంది.

మైలేజ్ మీద కన్నేసి ఉంచాలి. 22 ఇచ్చేది 19కి దిగితే రోజుకు 130 దాకా, గంటకు 11 రూపాయలు మాయమవుతాయి. పెట్రోల్ మీద మామూలుగా నడుస్తూ, గ్యాస్‌కి మార్చగానే జర్క్ కొడితే ముందు స్పార్క్ ప్లగ్‌లు, తర్వాత కాయిల్, గ్యాస్ ఫిల్టర్ చూపించండి. గ్యాస్ మీద నడిచే ఇంజిన్‌లో ప్లగ్‌ల పని ఎక్కువ, పాత ప్లగ్‌లను సాగదీయడం ఆదా కాదు.

బంక్‌లో ప్రెషర్ చూడకుండా నాజిల్ పెట్టించుకోవద్దు. డిస్పెన్సర్ మీద 200 బార్ దగ్గర ఆగితేనే సిలిండర్ నిండినట్టు. క్యూ పొడుగ్గా ఉండి కంప్రెసర్ మీద ఒత్తిడి పడితే 150 దగ్గరే ఆగిపోతుంది. మనకు పడేది ఆరు కిలోలే, మళ్లీ సాయంత్రం ఇంకో క్యూ. మధ్యాహ్నం ఎండలో గ్యాస్ వేడికి వ్యాకోచించి అదే ప్రెషర్‌కి బరువు తక్కువ పడుతుంది. తెల్లవారుజామున కొట్టించుకుంటే రెండో క్యూ తప్పుతుంది. సిలిండర్‌కి మూడేళ్లకోసారి చేయించాల్సిన హైడ్రో టెస్ట్ తేదీ దాటితే బంక్‌లో గ్యాస్ పోయరు, ఆ రోజు మొత్తం పోయినట్టే.

ఇంకా బండి కొననివాళ్లు షోరూమ్‌కి వెళ్లేముందు ఒకటి చేయండి. అద్దెకు తీసుకున్న బండితో ఓ నెల నడిపి, రోజూ పొద్దున రాత్రి మీటర్ రీడింగ్, బయల్దేరిన చేరిన టైము, అకౌంట్‌లో పడింది, కొట్టించుకున్న గ్యాస్ రాసుకోండి. మీ ఏరియాలో ఖాళీ కిలోమీటర్లు ఎన్నో అప్పుడే తెలుస్తుంది. డౌన్ పేమెంట్ పెంచి కిస్తీని 10,000కి దించుకోగలిగితే గంటకు 13 రూపాయలు మొదటి నెల నుంచే చేతిలో ఉంటాయి. కానీ పిల్లల ఫీజులకో ఆస్పత్రికో దాచిన డబ్బు తీసి అందులో పెట్టొద్దు. బండి నాలుగు రోజులు షెడ్‌లో ఉంటే కిస్తీ కట్టాల్సింది ఆ డబ్బుతోనే.